డయల్ సిల్క్ మీదే ఉంది, అయినా పట్టుచీర బార్డర్ గుంజుకుపోయింది... పెట్టెదా తప్పు, చీరదా?

వంగపండు_చీర
నిన్న రాత్రి జరిగింది, ఇంకా మనసు కుదుటపడలేదు. ఆదివారం మా ఆడపడుచు పెళ్ళి, దానికని అమ్మ ఇచ్చిన వంగపండు రంగు పట్టుచీర తీసి ఇస్త్రీ మొదలెట్టా. డయల్ సిల్క్ అని రాసున్న చోటే పెట్టా, ఒట్టు. లైటు ఆరిపోయాకే చీర మీద పెట్టా కూడా. బార్డర్ మీద ఆనించి ఇలా ఒక్క జరుపు జరిపానో లేదో పెట్టె పట్టేసినట్టయింది, ఎత్తి చూస్తే అరచేయంత మేర జరీ అంతా ముడుచుకుపోయి చీర గుంజుకుపోయింది, పక్కన పట్టు కూడా కాస్త పసుపు తిరిగింది. పెట్టె అడుగున గోధుమ రంగు జిగురు. కొన్నప్పుడు షాపువాళ్ళు ప్యూర్ పట్టు ప్యూర్ జరీ అనే చెప్పారట. ఇప్పుడు పెట్టె పాడైందా లేక చీరే మోసమా?

గోదారి_గట్టు
చీరే మోసం. పట్టు కరగదండి, మాడుతుంది. కరిగి అడుగున అంటుకుందంటే అది పాలిస్టర్, ఇంకో మాట లేదు. షాపుకెళ్ళి నిలదీయండి.

సాఫ్ట్‌వేర్_సూరి
చీర సంగతి పక్కన పెట్టండి, అత్తగారికి తెలుసా ఇది 😬

వంగపండు_చీర
తెలీదు, తెలియకుండా ఉండటానికే రాత్రి ఒంటిగంటకి ఇక్కడ టైప్ చేశా

బండి_మీద_బొగ్గులు
మా నాన్న ముప్పై ఏళ్ళు ఇస్త్రీ బండి నడిపాడు, నేనూ డిగ్రీ అయ్యేదాకా ఆ బండి దగ్గరే పెరిగా కాబట్టి ఒక మాట అడుగుతా. అక్కా, చీరకి ముందు ఆ పెట్టెతో ఏం ఇస్త్రీ చేశారు? పెట్టె బరువైనదా, తేలికదా?

వంగపండు_చీర
మావారి లినెన్ చొక్కాలు రెండు చేశా, ఫుల్‌లో పెట్టి. అవయ్యాక డయల్ సిల్క్‌కి తిప్పి చీర పరిచా. పెట్టె పాతది, బరువే, పెళ్ళిలో పెట్టింది. కానీ తిప్పగానే లైటు ఆరిపోయిందే, అంటే వేడి తగ్గినట్టేగా?

బండి_మీద_బొగ్గులు
అక్కడే దెబ్బతిన్నారక్కా. ఆ లైటు వేడి తగ్గిందని చెప్పదు, లోపల కాయిల్‌కి కరెంటు ఆగిందని చెబుతుంది, అంతే. లినెన్‌కి పెట్టినప్పుడు అడుగు రెండొందల డిగ్రీల దగ్గర ఉంటుంది. మీరు సిల్క్‌కి తిప్పగానే లోపలి థర్మోస్టాట్ "అమ్మో, కావాల్సినదానికంటే చాలా వేడిగా ఉంది" అని కరెంటు కట్ చేసింది, లైటు ఆరింది. అడుగు మాత్రం ఇంకా ఆ రెండొందల దగ్గరే ఉంది. మీరు దాన్నే తీసుకెళ్ళి జరీ మీద పెట్టారు. పెట్టె కాలడానికి రెండు మూడు నిమిషాలు చాలు కానీ చల్లారడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది, మీది బరువైన పెట్టె కాబట్టి ఇంకాస్త ఎక్కువ.

ఎక్కువ వేడి నుంచి తక్కువకి తిప్పినప్పుడు లైటు ఆరడం కాదు, మళ్ళీ వెలగడం కోసం ఆగాలి. వెలిగిందంటే వేడి సిల్క్ గీత కిందికి దిగిందని. అది ఇంకోసారి ఆరాక అప్పుడు చీర ముట్టుకోండి. కొన్ని పెట్టెలకి లైటు ప్లగ్ పెట్టినంతసేపూ వెలిగే ఉంటుంది, వాటిలో "టిక్" మని చిన్న శబ్దం వస్తుంది, అది వినాలి.

అందుకే మా నాన్న మూటలో బట్టలు ముందే వేరు చేసేవాడు. కరెంటు పెట్టె కొన్నాక నైలాన్, పాలిస్టర్ ముందు, తర్వాత పట్టు, ఆ తర్వాత కాటన్, లినెన్ ఆఖర్న. వేడి పెరుగుతూ పోవాలి, దిగుతూ రాకూడదు అనేవాడు. బొగ్గుల పెట్టెకి మాత్రం రివర్సు, నిప్పులు బాగా ఉన్నప్పుడు కాటన్లు కొట్టేసి, నిప్పు నీరసించాక పట్టు చీరలు చేసేవాడు.

సాఫ్ట్‌వేర్_సూరి
మా మేనేజర్ కూడా ఇంతే. లైటు ఆరింది కదా చల్లబడ్డాడనుకుని లీవ్ అడిగితే మాడ్చేస్తాడు

గోదారి_గట్టు
సరే లైటు సంగతి ఒప్పుకుంటా, కానీ రెండొందల్లో కూడా పట్టు కరగదు కదా. అడుగున జిగురెక్కడిది మరి? నా మాట నాదే.

బండి_మీద_బొగ్గులు
జిగురు గురించి మీరు చెప్పింది నిజమే, కానీ అది చీరదో జరీదో తేలలేదు కదా. చీర అసలు పట్టే అయ్యుండి జరీ ప్లాస్టిక్‌ది కూడా అయ్యుండొచ్చు. ఇప్పుడు చాలా చీరల్లో వేసేది సన్నటి పాలిస్టర్ ఫిల్ముకి మెరుపు పూసి కోసిన దారమే. తళుక్కుమంటుంది, తేలిగ్గా ఉంటుంది, నల్లబడదు, వేడి మాత్రం ఓర్చుకోదు. అక్కా, కొంగు కుచ్చుల దగ్గర ఒక పట్టు పోగు, ఒక జరీ పోగు లాగి కాల్చి చూడండి. సింకు దగ్గర, స్టీలు ప్లేటు పెట్టుకుని, పట్టకారుతో పట్టుకుని. పట్టు అయితే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది, మంట తీసేస్తే తనంతట తనే ఆరుతుంది, మిగిలిన నల్ల బూడిద వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే మంట దగ్గరికి తెస్తుండగానే ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి పూసలా అవుతుంది, నలగదు. వేడి పూసని వేలితో ముట్టుకోకండి, చర్మానికి అంటుకుంటుంది.

పెద్దమ్మ_ముచ్చట్లు
ఇంత రామాయణం ఎందుకమ్మా. మా కాలంలో పట్టుచీర మీద పెట్టె నేరుగా ఎప్పుడన్నా పెట్టామా? మీ పెదనాన్న పాత పంచె తడిపి పిండి దాని మీద వేసి చేసేవాళ్ళం. ఏ గుడ్డయినా సరే తడిగుడ్డ వేస్తే ఏమీ కాదు.

బండి_మీద_బొగ్గులు
పంచె దాకా వంద శాతం కరెక్టు పెద్దమ్మా, దాన్ని మించిన గుడ్డ లేదు. తెల్లగా, పల్చగా, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడింది కావాలి, రంగుదైతే ఆ రంగు చీరకెక్కుతుంది. ఆ తడి దగ్గరే నాకు భయం. పట్టు మీద నీళ్ళు ఒకచోట పడి ఇంకోచోట పడకపోతే ఆరాక అంచులు కట్టి మరకలా కనిపిస్తుంది, గంజి పెట్టిన కొత్త చీరల్లో ఇంకా ఎక్కువ. మా నాన్న పట్టుకి పొడి పంచె, పాలిస్టర్ ప్యాంట్లకి తడి పంచె వాడేవాడు.

పెద్దమ్మ_ముచ్చట్లు
నాకు నలభై ఏళ్ళలో ఒక్క మరక పడలేదు నాయనా.

బండి_మీద_బొగ్గులు
మీరు గట్టిగా పిండి, తడి అంతటా సమంగా ఉండేలా వేసుంటారు. అందరికీ ఆ చేయి రాదు పెద్దమ్మా 🙏

డాలస్_అరుగు
ఇక్కడ నేను స్టీమ్ పెట్టెతో పట్టుచీరలు తిరగేసి చేస్తా, పెట్టె తగలకుండా అంగుళం ఎత్తున పట్టుకుని ఆవిరి మాత్రం తగిలిస్తా. మరకలేమీ రాలేదు. ఒక్కసారి మాత్రం పెట్టె సరిగా వేడెక్కకముందే స్టీమ్ నొక్కితే అడుగు రంధ్రాల్లోంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారి లేత గులాబీ చీర మీద నాలుగు చుక్కలు పడ్డాయి, అవి ఇప్పటికీ ఉన్నాయి. తక్కువ వేడిలో స్టీమ్ ఆన్ చేస్తే ఆవిరి రాదు, నీళ్ళే వస్తాయి, అదొక్కటి చూసుకోవాలి.

ఇంకోటి, బట్టల లోపల లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలుంటాయి కదా, ఒక చుక్క అంటే అడుగు 110 డిగ్రీలు దాటకూడదు, రెండు చుక్కలు 150, మూడు చుక్కలు 200. బొమ్మ మీద ఇంటూ గీసుంటే అసలు పెట్టెనే పెట్టొద్దని. పాలిస్టర్ చొక్కాల మీద ఒక చుక్కా చూశా, రెండూ చూశా, కాబట్టి పాలిస్టర్ అనగానే ఇంత అని గుడ్డిగా పెట్టకుండా లేబుల్ చూస్తా. లేబుల్ లేకపోతే ఒక చుక్క దగ్గర మొదలెట్టి లోపలి మడత మీద ట్రై చేస్తా.

వంగపండు_చీర
మా చీరకి లేబులెక్కడిదండీ, అమ్మ నోటి మాటే లేబుల్

కడప_కారం
రోలింగ్‌కి ఇస్తే సరిపోయేది కదక్కా. మా దగ్గర చీర రోలింగు, ఫాలు కుట్టి పీకో అన్నీ ఒకే షాపు. ఈ తలనొప్పి ఉండదు.

సాఫ్ట్‌వేర్_సూరి
బ్రో కాలిపోయాక రోలింగ్ ఏంటి, కాలిన చీరకి పీకో ఏంటి

కడప_కారం
ఓహో కాలిపోయిందా. నేను పైన లైన్ ఒక్కటే చదివినా 😅

నల్గొండ_నర్సి
నాది వేరే బాధ. మా పిలగాని స్కూల్ ప్యాంటు నేవీ బ్లూ, పాలిస్టర్‌దే. నేను రోజూ మంచిగ గట్టిగ ఒత్తి ఇస్త్రీ చేస్తున్న. ఇప్పుడు తొడల మీద, జేబుల కాడ, జిప్పు పట్టీ పొడుగూతా అద్దం లెక్క మెరుస్తున్నది. ఉతికినా పోతలేదు. మల్ల ఎదురుంగ రెండు క్రీజులు పడ్డయి, ఒకటి పాతది ఒకటి కొత్తది, రైలు పట్టాల లెక్క. క్లాసుల "వీని ప్యాంటుకు రెండు గీతలు" అని నవ్వుతున్నరంట.

బండి_మీద_బొగ్గులు
రైలు పట్టాలు 😂 ఆ మెరుపు మురికి కాదన్నా, అందుకే ఉతికినా పోదు. పాలిస్టర్ వేడికి మెత్తబడుతుంది, దాని మీద గట్టిగా ఒత్తేసరికి పైనున్న పోగులు చదునైపోయాయి, నున్నటి గోడలా వెలుతురుని తిప్పికొడుతున్నాయి. జేబు, జిప్పు దగ్గర కింద గుడ్డ మందంగా ఉండి ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పెట్టె బరువంతా అక్కడే పడుతుంది. ఇంతవరకూ మెరిసింది పూర్తిగా పోదు. కాస్త మెరుపే అయితే తడిగుడ్డ వేసి ఆవిరి పట్టించి, వేడి మీదుండగానే బట్టల బ్రష్‌తో పోగులు లేపినట్టు దువ్వితే కొంచెం తగ్గుతుంది, కరిగిపోయినదైతే దానికేం చేయలేం.

ఇకముందు ప్యాంటు తిరగేసి చేయండి. క్రీజు మాత్రం పైనుంచే పెట్టాలి కాబట్టి అప్పుడు పంచె గుడ్డ తడిపి పిండి వేసి, పెట్టెని జరపకుండా పెట్టి ఎత్తి, పెట్టి ఎత్తి చేయండి. పాలిస్టర్‌లో క్రీజు ఒకసారి వేడి మీద కూర్చుందంటే మొండిది, పక్కన ఇంకోటి పడితే రెండూ ఉంటాయి. అందుకే ముందు కాలి లోపలి కుట్టు, బయటి కుట్టు రెండూ ఒకదాని మీద ఒకటి కలిపి, పాత గీత మీదే మడత పడేలా పిన్నులు పెట్టుకుని, అప్పుడు పెట్టె పట్టుకోవాలి.

నల్గొండ_నర్సి
పిన్నులు పెట్టి ఇస్త్రీనా... పొద్దుగాల ఏడింటికి బస్సు వస్తదన్నా మాకు

పెద్దమ్మ_ముచ్చట్లు
రాత్రే చేసి పెట్టుకో నాయనా. చేసిన వెంటనే మడత పెట్టకు, వేడి మీద మడిస్తే ఆ మడతే గీతయి కూర్చుంటుంది. పది నిమిషాలు హ్యాంగరుకి వేలాడనియ్యి.

నల్గొండ_నర్సి
ఇది మాత్రం నాకు తెల్వదు పెద్దమ్మా. నేను వేడివేడిగనే మడిచి మంచం మీద పెడుతున్న.

వంగపండు_చీర
కాల్చి చూశా!! పట్టు పోగు నిజంగానే వెంట్రుకలు కాలిన కంపు, బూడిద నలిగిపోయింది. జరీ పోగు మాత్రం అగ్గిపుల్ల దగ్గరికి తేగానే పాములా మెలికలు తిరిగి ముడుచుకుపోయి చిన్న నల్ల పూసయింది, గోటితో నొక్కినా నలగలేదు. అంటే అమ్మ చీర పట్టే, జరీయే ప్లాస్టిక్!

గోదారి_గట్టు
సగం గెలిచా అన్నమాట. మోసం ఉంది, బార్డర్ దాకా.

బండి_మీద_బొగ్గులు
అసలు వెండి జరీ అయితే కాల్చాక సన్నటి లోహపు తీగ మిగిలేది, పైన గోకితే లోపల మామూలుగా ఎర్ర పట్టు దారం కనిపిస్తుంది. రాగి తీగ మీద పూత వేసిన జరీ కూడా కరగదు. మీది ఫిల్ము జరీ, తేలిపోయింది. షాపుతో గొడవ మీ ఇష్టం కానీ, ఈ చీరకి పట్టు వేడి కూడా ఎక్కువే అని గుర్తుపెట్టుకోండి. రెండు రకాల పోగులు కలిసిన గుడ్డలో ఏది తక్కువ వేడి ఓర్చుకుంటుందో దాని లెక్కనే పోవాలి. మిగిలిన చీర అంతా తిరగేసి, పొడి పంచె వేసి, డయల్ సిల్క్ కంటే కింద నైలాన్ దగ్గర పెట్టి చేయండి. బార్డర్ దగ్గరికొచ్చేసరికి కింద మందపాటి టవల్ పరవండి, జరీ దాంట్లోకి దిగుతుంది, నలగదు.

డాలస్_అరుగు
ఆ పసుపు తిరిగిన చోటు పోతుందా? కాటన్ మీద లేత మాడు అయితే నేను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పోగొట్టా, మెడికల్ షాపులో దొరికే 3 శాతందే.

బండి_మీద_బొగ్గులు
తెల్ల కాటన్‌కి ఓకే అండి. రంగు పట్టు మీద వేస్తే పసుపు పోకపోగా వంగపండు రంగు కూడా పోవచ్చు. పట్టు మాడితే పోగే దెబ్బతిన్నట్టు, వెనక్కి రాదు. ఊరికే రుద్దితే అక్కడ చిరుగుతుంది కూడా.

సాఫ్ట్‌వేర్_సూరి
లినెన్ టాపిక్ వచ్చింది కాబట్టి ఇక్కడే అడిగేస్తున్నా. పెళ్ళిలో వేసుకోడానికి లినెన్ చొక్కా కొన్నా, రెండు వేలు. ఫుల్ వేడిలో పెట్టి ఎంత రుద్దినా ముడతలు పోవట్లేదు, ఎక్కువసేపు ఉంచితే మాడిన వాసన. ఆఫీసుకెళ్ళేసరికి దూడ నమిలినట్టుంటుంది. డూప్లికేటా?

గోదారి_గట్టు
దూడ నమిలినట్టుంటేనే ఒరిజినల్ బాబూ 😄

బండి_మీద_బొగ్గులు
పూర్తిగా ఎండిపోయాక చేస్తున్నట్టున్నావు తమ్ముడూ. ఎండిన లినెన్‌కి వేడి ఒక్కటే చాలదు, తడి కావాలి. తీగ మీంచి ఇంకా చెమ్మగా ఉండగానే తీసేయి. ఎండిపోతే నీళ్ళు చిలకరించి, గట్టిగా చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి అరగంట వదిలేయి, చెమ్మ అంతటా పాకుతుంది. అప్పుడు ఫుల్ వేడి, లోపలి వైపు నుంచి మొదలుపెట్టు, చొక్కా మొత్తం ఆరేదాకా చేయి. చెమ్మ మిగిల్చి హ్యాంగర్‌కి వేస్తే ఆరుతూ ఆరుతూ మళ్ళీ ముడతలు తెచ్చుకుంటుంది. ముదురు రంగు లినెన్ అయితే బయటివైపు గుడ్డ వేయకుండా చేయకు, కుట్ల దగ్గర నర్సి అన్న ప్యాంటులాగే మెరుస్తుంది. లేబుల్ మీద లినెన్‌తో పాటు పాలిస్టర్ అని ఉంటే మాత్రం ఫుల్ వేడి మర్చిపో.

సాఫ్ట్‌వేర్_సూరి
చూశా. 55 శాతం లినెన్, 45 పాలిస్టర్. రెండు వేలు... ఆ వాసన మాడింది కాదన్నమాట, కరుగుతోందన్నమాట

కడప_కారం
ఇప్పుడు నిలదీయాల్సింది నీ షాపు వాణ్ణి

వంగపండు_చీర
ఇంతకీ పెట్టె అడుగున జిగురు ఎలా పోతుంది? రేపు మావారి చొక్కాకి అంటితే ఇంకో పంచాయితీ.

నల్గొండ_నర్సి
పారాసెటమాల్ గోలి పట్టకారుతోని పట్టుకొని వేడి పెట్టె మీద రుద్దు అక్కా, నురుగు వచ్చి మొత్తం వస్తది. మా ఇంట్ల గదే చేస్తరు.

డాలస్_అరుగు
పనిచేస్తుందేమో కానీ ఆ పొగ పీల్చడం నాకు ఇష్టం లేదు. కిటికీ తెరిచి, జిగురు మెత్తబడేంత మటుకే వేడి చేసి, చెక్క గరిటె అంచుతో గీకి, వెంటనే పాత కాటన్ గుడ్డ మీద నాలుగుసార్లు రుద్దితే వచ్చేస్తుంది. చాకు, స్టీలు పీచు మాత్రం వద్దు, నాన్‌స్టిక్ అడుగైతే గీతలు పడతాయి.

నల్గొండ_నర్సి
గోలికి గంత పొగ రాదు అక్కా. నేను చేసిన.

పెద్దమ్మ_ముచ్చట్లు
గోలీలు జ్వరానికి దాచుకోండర్రా.

వంగపండు_చీర
చెక్క గరిటెతో చేశా, తొంభై శాతం పోయింది. స్టీమ్ రంధ్రాలు లేని పాత పెట్టె కావడం మంచిదైంది. కాలిన చోటు కొలిచి చూశా, కుచ్చిళ్ళు మొదలయ్యే దగ్గర, కింద బార్డర్ మీద. ఫాల్ ఉంది కాబట్టి వెనకనుంచి గుడ్డ దన్ను ఉంది. దాన్ని కుచ్చిళ్ళలో లోపలి మడతకి పంపించగలిగితే కనపడదు అనుకుంటున్నా. టైలర్ మాత్రం ఆ ముక్క బార్డర్ తీసి వేరే బార్డర్ అతుకుతా అంటోంది, రంగు కలవదేమో అని భయం.

పెద్దమ్మ_ముచ్చట్లు
కత్తెర పెట్టనివ్వకు. మొదటి కుచ్చిలి కాస్త లోపలికి తీసుకుని రెండోదాని కింద పెట్టి పిన్ను కొట్టు. ఎవరు చూస్తారు, అందరూ పెళ్ళికూతుర్ని చూస్తారు.

గోదారి_గట్టు
ఒక్క డౌటు మిగిలింది, అమ్మకి చెప్పారా జరీ ప్లాస్టిక్ అని?

వంగపండు_చీర
చెప్పా. "షాపాయన మీ నాన్నకి స్నేహితుడు, అలా చేయడు, నువ్వే ఏదో పాలిస్టర్ చీర కాల్చుకుని ఉంటావు" అంది. కొంగు పోగులు పట్టుకెళ్ళి ఆవిడ ఎదురుగా ఇంకోసారి కాల్చాలి, అగ్గిపెట్టె ఉంది, ధైర్యం లేదు.